గుడిమల్లం మీద వ్యాసం: తేదీ మీద కాదు, వరస మీద వాదించండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎం.ఏ. చరిత్ర రెండో ఏడాది చదువుతున్నాను. ఆంధ్రదేశంలో శివారాధన ఎంత పాతదో వాదిస్తూ వ్యాసం రాయాలి. "క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే గుడిమల్లంలో శివాలయం ఉండేదని తవ్వకాలు రుజువు చేశాయి" అని రాస్తే మా సార్ ఆ వాక్యం కింద ఎర్రగీత కొట్టారు. అన్నిచోట్లా 'కావచ్చు' పెట్టి మళ్లీ ఇస్తే, ఈసారి అసలు వాదనే లేదన్నారు. టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి?

సమాధానం:

మీ సార్ రెండుసార్లూ సరిగ్గానే చెప్పారు. మొదటిసారి మీరు ఆధారం మోయలేని బరువు దాని మీద పెట్టారు. రెండోసారి 'కావచ్చు'ని పసుపునీళ్లలా వ్యాసమంతా చల్లారు. సందేహం ఎక్కడుందో అక్కడే చెప్పాలి, లేనిచోట గట్టిగా మాట్లాడాలి. గుడిమల్లం విషయంలో బలహీనమైనది తేదీ. గట్టిది వరస. అంటే ఏ శతాబ్దం అన్నది తేలలేదు కానీ, ఏది ముందు ఏది తర్వాత అన్నది చాలావరకు తేలింది. కాబట్టి మీ వాదనని వరస మీద నిలబెట్టండి. తేదీని ఒక పరిధిగా చెప్పి, అది ఎందుకు తెగలేదో ఒక్క పేరాలో చెప్పి ముందుకు వెళ్లండి.

నేను చాలా ఏళ్లు తవ్వకాల్లో పనిచేశాను. ఇప్పుడు తార్నాకలో ఉంటూ పీజీ పిల్లల వ్యాసాలు చూస్తుంటాను. మీ వాక్యం లాంటిది ఏటా కనీసం నాలుగైదు వ్యాసాల్లో కనిపిస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ వాక్యాన్ని విడదీద్దాం. అందులో ఒకటి కాదు, నాలుగు వాదనలు ఉన్నాయి. లింగం క్రీ.పూ. 3వ శతాబ్దంలో చెక్కారు. అప్పుడే అది గుడిమల్లంలో పూజలో ఉంది. ఆ పూజ శివుడికి. ఆ పూజ ఒక ఆలయంలో జరిగింది. ఒక్కోదానికి ఆధారం వేరు, బలం వేరు. మీరు నాలుగింటినీ ఒకే తాడుకి కట్టి, చివర 'రుజువు చేశాయి' అని ముడి వేశారు. నాలుగింటిలో ఒక్కటి జారినా మొత్తం జారుతుంది.

ఇప్పుడు అక్కడ ఏముందో చూద్దాం. స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాళహస్తికి ఎంతో దూరం లేని ఊళ్లో పరశురామేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో సుమారు 5 అడుగుల ఎత్తు లింగం, దాని ముందు భాగంలో నిలబడిన పురుషుడి రూపం. కుడిచేతిలో పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, ఎడమభుజం మీద గొడ్డలి, కాళ్ల కింద కూర్చున్న ఒక మరుగుజ్జు. దీన్ని 1911 ప్రాంతంలో టి.ఎ. గోపీనాథరావు పరిశీలించి, భార్హుత్, సాంచి శిల్పాల పోలికలతో క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదని చెప్పారు. తర్వాత చాలామంది దాన్ని అటూ ఇటూ జరిపారు. క్రీ.శ. తొలి శతాబ్దాలకి తెచ్చినవాళ్లూ ఉన్నారు, అంతకంటే కిందికి లాగినవాళ్లూ ఉన్నారు. 1973లో భారత పురావస్తు సర్వేక్షణ తరఫున ఐ. కార్తికేయ శర్మ గర్భగుడి లోపలే తవ్వారు. లింగం మొదట ఆరుబయట, చుట్టూ చతురస్రంగా రాతి కంచెతో ఉండేదని, ఆ తర్వాతే దాని చుట్టూ వెనకభాగం గుండ్రంగా ఉండే ఇటుక కట్టడం లేచిందని ఆయన తేల్చారు. ఇప్పుడు కనిపించే రాతిగుడి చోళుల కాలం నాటిది. గోడల మీద శాసనాలు పల్లవ, బాణ, చోళ కాలాలవి. వాటిలో మొదట ఎవరు కట్టారన్న మాట లేదు.

ఇది చదివితే మీ 'ఆలయం' అన్న మాట ఎందుకు తేలిపోయిందో అర్థమవుతుంది. మీ దగ్గరున్న ఆధారమే చెబుతోంది, మొదట్లో గుడి లేదని. దీన్ని లోపంగా చూడకండి. మీ వ్యాసానికి దొరికే అన్నిటికంటే మంచి విషయం ఇదే: గుడి కట్టకముందే పూజ ఉంది. శివారాధనకి కట్టిన గుడి అవసరం లేని దశ ఒకటి ఉందని ఇక్కడ మట్టి పొరలు చెబుతున్నాయి. దాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దం అన్న అంకె కోసం వదులుకోవడం నష్టం.

వరస ఎందుకు గట్టిది, తేదీ ఎందుకు మెత్తనిది? ఇది అర్థం కాకపోతే 'కావచ్చు' ఎక్కడ పెట్టాలో ఎప్పటికీ తెలియదు.

మట్టి పొరల్లో పైది కిందిదాని తర్వాత వస్తుంది. ఇటుక గోడ పునాది రాతి కంచె ఉన్న నేలని కోసుకుంటూ దిగితే, గోడ తర్వాతిది. దీనికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, కళ్లకి కనిపిస్తుంది. కానీ ఆ పొర ఏ శతాబ్దానిదో పొర తనంతట తాను చెప్పదు. అందులో దొరికిన వస్తువులు చెప్పాలి. అవి చెప్పేది కూడా ఒకవైపు మాత్రమే: ఈ పొర ఫలానా నాణెం ముద్రించాకే పడింది, అంతకు ముందు కాదు. ఎంత తర్వాత అన్నది అవి చెప్పలేవు.

నాకు ఇది తెలిసొచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెలంగాణలోని ఒక దిబ్బ మీద తవ్వుతున్నాం. ఇటుక వేదిక బయటపడింది, దాని మధ్యలో నిటారుగా ఒక చిన్న లింగం. నేను ఆ సాయంత్రం డైరీలో 'తొలి చారిత్రక కాలపు శివ వేదిక' అని రాసేశాను. మా పెద్దసారు చదివి ఏమీ అనలేదు. "రేపు దాని కింద మట్టి చూడు" అన్నారు, అంతే. మర్నాడు లింగం కింద గొయ్యి అంచు కనిపించింది. చుట్టూ గట్టిగా ఉన్న మట్టి ఆ గొయ్యిలో మాత్రం వదులుగా, రంగు వేరుగా ఉంది. అడుగున నిజాం కాలపు రాగి పైసా ఒకటి దొరికింది. ఎవరో గుప్తనిధుల కోసం వేదిక మధ్యలో తవ్వి, ఏమీ దొరక్క, పాపభయంతో కాబోలు, పక్కనున్న లింగాన్ని అందులో నిలబెట్టి పూడ్చేశారు. వేదిక పాతదే, లింగమూ పాతదే కావచ్చు, కానీ రెండూ కలిసి ఉన్నది నిన్నమొన్న. నా డైరీలో ఆ పేజీ కొట్టివేత ఇప్పటికీ ఉంది.

అందుకే ఏ నివేదిక చదివినా మొదట వెతకాల్సింది 'దొరికింది' అన్న మాట కాదు. ఎక్కడ దొరికింది, ఏ పొరలో, ఆ పొరని తర్వాత ఎవరైనా గొయ్యి తీసి చెరిపారా అన్నది. గుడిమల్లం బతికి ఉన్న గుడి. గర్భగుడిలో తవ్వడానికి దొరికే జాగా తక్కువ, శతాబ్దాలుగా అక్కడ బాగుచేతలు జరిగాయి. శర్మగారి వరసని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయి, కానీ 'చిన్న గొయ్యిలో చూసిన వరస' అన్న ఒక్క ముక్క మీరు చెప్పాలి. అది చెబితే వాదన బలహీనపడదు. మీరు నివేదికని నిజంగా చదివారని చదివేవాళ్లకి తెలుస్తుంది.

ఇక తేదీ వైపు వద్దాం. గుడిమల్లంలో తేదీ చెప్పడానికి వాడేవి ప్రధానంగా మూడు: శిల్పశైలి, కుండపెంకులు, ఇటుక కొలత. పునాది మట్టిలో నలుపు ఎరుపు కుండపెంకులు దొరికాయి. ఇవి పాతవే, కానీ ఇనుపయుగం నుంచి శాతవాహనుల కాలం దాకా కొన్ని వందల ఏళ్లు వాడుకలో ఉన్న రకం. ఒక శతాబ్దాన్ని వేలెత్తి చూపించే శక్తి వాటికి లేదు. పెద్ద ఇటుకలు శాతవాహన కాలపు కట్టడాల్లో ఎక్కువగా కనిపిస్తాయి, నిజమే. కానీ మన ఊళ్లలో పాత ఇటుకని వదిలిపెట్టిన మేస్త్రీ ఎవరు? కూలిన గోడ ఇటుక ఏరుకొచ్చి కొత్త గోడ కట్టడం అప్పుడూ ఉంది. పైగా ఇటుకలు కట్టడానికి చెందినవి, లింగానికి కాదు. వరస ప్రకారం లింగం కట్టడానికి ముందుది. కాబట్టి ఇటుక తేదీ లింగానికి కింది గీత మాత్రమే ఇస్తుంది: లింగం దానికంటే ముందు అక్కడ ఉంది. ఎంత ముందు అన్నది ఇటుక చెప్పదు.

మిగిలింది శైలి. శైలితో తేదీ చెప్పడం తప్పు కాదు, చాలాసార్లు అదొక్కటే దిక్కు. కానీ పోలుస్తున్నది దేనితో? మధ్యభారతపు యక్షశిల్పాలతో. అక్కడి శైలి స్వర్ణముఖి ఒడ్డుకి వచ్చేసరికి ఎన్నేళ్లు పట్టింది, ఇక్కడి శిల్పి పాత పద్ధతినే ఇంకో వందేళ్లు పట్టుకున్నాడా అన్నది పోలిక చెప్పలేదు.

ఇక్కడే వ్యాసాల్లో అతి పెద్ద పొరపాటు జరుగుతుంది. ఒకే సాక్షిని రెండుసార్లు లెక్కపెట్టడం. ఒక పండితుడు శైలిని బట్టి లింగం పాతదన్నాడు. దాన్ని గుర్తుపెట్టుకుని ఇంకొకరు పక్కన దొరికిన పెంకుల్ని పాత కాలానికి కేటాయించారు. మూడో మనిషి ఆ పెంకుల్ని చూపించి, చూశారా, లింగం తేదీ రుజువైంది అన్నాడు. విద్యార్థి వచ్చి 'శైలి, మట్టిపాత్రలు రెండూ ఒకే తేదీని సమర్థిస్తున్నాయి' అని రాశాడు. ఊళ్లో పంచాయతీలో ఇద్దరు సాక్షులు వచ్చి, రెండోవాడు "నాకు వాడే చెప్పాడు" అంటే ఆ సాక్ష్యం ఎంతో ఇదీ అంతే. దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక ఆధారాన్ని పక్కన పెట్టి, రెండోది ఒంటరిగా ఏ తేదీ ఇస్తుందో రాసుకోండి. పెంకులు ఒంటరిగా అయితే కొన్ని వందల ఏళ్ల పరిధి ఇస్తాయి. మరి రెండూ 'ఒకే తేదీని' సమర్థించడం లేదు, పెంకులు శైలిని కాదనడం లేదు, అంతే. కాదనకపోవడం వేరు, సమర్థించడం వేరు.

మూడో ముక్క, శివుడా అన్నది. లింగరూపం అంత స్పష్టంగా ఉన్నాక ఇది లింగారాధన అనడానికి జంకక్కర్లేదు. కానీ ముందున్న మూర్తికి శాసనం ఏ పేరూ ఇవ్వలేదు. త్రిశూలం లేదు, యజ్ఞోపవీతం లేదు. కాళ్ల కిందివాణ్ణి 'అపస్మారుడు' అని రాసేస్తుంటారు, అది చాలా తర్వాతి శిల్పశాస్త్రపు పేరు. భార్హుత్ వైపు చూస్తే యక్షుడి కాళ్ల కింద అలాంటి మరుగుజ్జే ఉంటాడు. తర్వాతి పేరు పెట్టగానే తర్వాతి కథ కూడా దాంతోపాటు వచ్చేస్తుంది, మీకు తెలియకుండానే. 'కాళ్ల కింద మరుగుజ్జు' అని రాసి వదిలేయండి. 'తర్వాత శివుడని పిలిచిన దేవుడి తొలి రూపాల్లో ఒకటి' అంటే న్యాయంగా ఉంటుంది.

పోల్చుకోవడానికి విదిశ దగ్గర బేస్‌నగర్ చూడండి. గుడిమల్లంలో లేనిది అక్కడ ఉంది: శాసనం. తక్షశిల నుంచి అంతియల్కిదస్ రాజు పంపిన రాయబారి హీలియోదోరస్, దేవదేవుడైన వాసుదేవుడికి గరుడధ్వజం నిలబెట్టాడని స్తంభమే చెబుతోంది. ఎవరు, ఎవరికి, ఏ రాజు కాలంలో, అన్నీ ఉన్నాయి. అందువల్ల క్రీ.పూ. 2వ శతాబ్దం చివర వాసుదేవారాధన ఉందని దాదాపు నిస్సంకోచంగా రాయొచ్చు. అయినా శాసనం చెప్పింది స్తంభం గురించే. పక్కన గుడి ఉండేదన్నది తర్వాత తవ్వకాల్లో దీర్ఘవృత్తపు పునాదులు బయటపడ్డాక వచ్చిన ఊహ. మంచి ఊహే, కానీ శాసనంతో సమానం కాదు.

బేస్‌నగర్‌లో నాకు నచ్చే ఇంకో సంగతి ఉంది. 1877లో కన్నింగ్‌హామ్ ఆ స్తంభాన్ని చూశాడు కానీ అక్షరాలు చూడలేకపోయాడు, ఎందుకంటే దాని మీద మందంగా సిందూరం పూసి ఉంది. ఊరివాళ్లు దాన్ని ఖాంబాబా అని కొలుస్తున్నారు. 1909లో పూత తీశాకే రాత బయటపడింది. ఇప్పుడు ఆలోచించండి, ఆ రాయి రెండువేల ఏళ్ల కిందట పూజలో భాగం, తర్వాతి కాలంలోనూ పూజలో ఉంది. కానీ గరుడధ్వజం పెట్టినవాడి దేవుడు వేరు, సిందూరం పూసినవాళ్ల దేవుడు వేరు. 'ఈనాటికీ పూజలందుకుంటోంది' అన్న వాక్యం మన వ్యాసాల్లో అఖండంగా సాగిన ఆరాధనకి రుజువుగా వస్తుంటుంది. అది రుజువు కాదు.

దీన్ని మీరు కళ్లతో చూడాలంటే ఒక ఆదివారం కీసరగుట్ట వెళ్లండి. గుట్ట మీద ఆరుబయట చెల్లాచెదురుగా లింగాలు కనిపిస్తాయి. హనుమంతుడు కాశీ నుంచి ఆలస్యంగా తెచ్చి, కోపంతో విసిరేశాడని స్థలపురాణం. అక్కడే తవ్వకాల్లో బయటపడిన ఇటుక కట్టడాలున్నాయి, వాటిని విష్ణుకుండినుల కాలానికి చెబుతారు. ఆ ఇటుకల తేదీని ఈ విడి లింగాలకి తగిలించాలని చెయ్యి దురదపెడుతుంది. ఆపుకోండి. పొరలో లేని రాయికి పొర తేదీ రాదు.

ఇక భాష. ఇక్కడ తెలుగు మనకి చాలా సాయం చేస్తుంది, కానీ విద్యార్థులు 'కావచ్చు' ఒక్కటే వాడతారు. నేను వాడే మెట్లు ఇవి. నేరుగా చూసినదానికి 'ఉంది': లింగం చుట్టూ రాతి కంచె ఉంది. చూసినదాని నుంచి దాదాపు తప్పనిసరిగా వచ్చేదానికి 'ఉండి ఉండాలి': ఇటుక గోడ కట్టేనాటికి లింగం అక్కడ ఉండి ఉండాలి. ఇంకో వివరణకీ చోటుంటే 'ఉండి ఉండవచ్చు': శిల్పం క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదై ఉండవచ్చు. ఇతరుల మాటని మోస్తున్నప్పుడు పేరు పెట్టి 'అని ఫలానావారి అభిప్రాయం'. పేరు లేకుండా 'అంటారు' అని వదిలేస్తే సందేహం ఎవరిదో తెలియదు. అలాగే 'ఆధారం లేదు' అన్నదాన్నీ 'లేదు' అన్నదాన్నీ కలపకండి. గుడిమల్లంలో మొదటి దశలో చెక్కతోనో తాటాకుతోనో పందిరి ఉండేదన్న ఆధారం చూపించలేం. పందిరి లేదని మాత్రం రాయకూడదు, చెక్క మిగలదు కదా. ఒకే వాక్యంలో రెండు సందేహాలు పెట్టకండి: 'బహుశా ఉండవచ్చేమో అనిపిస్తుంది' అంటే చదివేవాడికి మీరు భయపడుతున్నారని తప్ప ఏమీ తెలియదు.

మీ పేరాని నేనైతే ఇలా రాస్తాను:

"గుడిమల్లంలో లింగారాధన ఆలయ నిర్మాణం కంటే ముందుది. 1973 తవ్వకంలో లింగం మొదట రాతి కంచె మధ్య ఆరుబయట ఉందని, ఇటుక కట్టడం తర్వాత వచ్చిందని కార్తికేయ శర్మ గుర్తించారు. తవ్విన జాగా చిన్నదైనా, ఈ వరసని కాదనే ఆధారం ఇప్పటిదాకా రాలేదు. లింగాన్ని చెక్కిన కాలం మాత్రం వివాదంలోనే ఉంది. శైలిని బట్టి గోపీనాథరావు క్రీ.పూ. 2వ శతాబ్దం అన్నారు, మరికొందరు క్రీ.శ. తొలి శతాబ్దాలకి తెచ్చారు. అక్కడ దొరికిన మట్టిపాత్రలు ఈ రెంటిలో దేన్నీ తోసిపుచ్చవు. ఈ వ్యాసపు వాదనకి ఏ తేదీ తీసుకున్నా తేడా రాదు: ఆంధ్రదేశంలో శివారాధన చరిత్రని గుడి కట్టడంతో మొదలుపెట్టడం సరికాదు."

చూడండి, మొదటి వాక్యంలో 'కావచ్చు' లేదు. చివరి వాక్యంలోనూ లేదు. సందేహమంతా మధ్యలో, తేదీ దగ్గర, దాని కారణంతో సహా ఉంది. 'ఏ తేదీ తీసుకున్నా తేడా రాదు' అన్న ముక్క అన్నిటికంటే ముఖ్యం. అది రాయగలిగితే మీ వాదన తేదీ గొడవ నుంచి బయటపడింది. రాయలేకపోతే వాదన ఇంకా అంకె మీదే వేలాడుతోందని అర్థం, మళ్లీ మొదలుపెట్టాలి.

ఎదుటివాళ్ల ప్రశ్న ఒకటి మీరే వేసుకోండి, సార్ తప్పకుండా అడుగుతారు. లింగాన్ని వేరేచోటి నుంచి తెచ్చి ఈ కంచె మధ్య నాటారేమో? అప్పుడు కంచె పాతదైనా పూజ పాతది కాదు. దీనికి జవాబు నివేదికలోని గర్భగుడి ప్లాన్‌లో, పొరల కోతల బొమ్మల్లో వెతకాలి: లింగం కింది పీఠం కంచెతో ఒకే నేలమట్టంలో కూర్చుందా, పీఠం చుట్టూ తర్వాత తీసిన గొయ్యి అంచు గీశారా. నిజాం పైసా ఉన్న నా గొయ్యిని గుర్తుపెట్టుకుని ఆ బొమ్మలు చూడండి. పుస్తకాల్లోని సారాంశం చదివి రాస్తే ఇది దొరకదు. లైబ్రరీలో అసలు నివేదిక తీయించుకుని, బొమ్మల పేజీలు ఫొటో తీసుకుని, పెన్సిల్‌తో పొరలకి అంకెలు వేసుకోండి. ఒక పూట పని.